పెళ్లి సైట్‌లో ‘నా గురించి’ రాసి ఫ్రెండ్‌కి పంపేటప్పుడు ఉత్తరంలో ఏం అడగాలి?

ప్రశ్న: మాది కాకినాడ, బెంగళూరులో ఉద్యోగం, వయసు 32. పెళ్లి సంబంధాల సైట్‌లో ‘నా గురించి’ కోసం ఏడు వాక్యాలు రాశాను. ఎవరికి చూపించినా ‘సూపర్, బాగుంది’ అంటున్నారు తప్ప ఇంకేం చెప్పట్లేదు. చెన్నైలో ఉన్న నా కాలేజీ రూమ్మేట్‌కి ఉత్తరం రాసి, మొహమాటం లేకుండా చెప్పమని అడగాలనుంది. పెళ్లయ్యాక కూడా బెంగళూరులోనే, ఉద్యోగం చేస్తూ ఉండాలన్నది నాకు ముఖ్యం. ఉత్తరం ఎలా రాయాలి, ఏమేం అడగాలి? నేను రాసింది ఇదీ:

‘నేను సింపుల్‌గా ఉండే అమ్మాయిని. కుటుంబ విలువలంటే నాకు గౌరవం. సంప్రదాయం, ఆధునికత రెండూ సమపాళ్లలో ఉన్నాయి. బెంగళూరులో ఎంఎన్‌సీలో పనిచేస్తున్నాను. ప్రయాణాలు, సంగీతం, వంట ఇష్టం. ప్రతిదాన్నీ పాజిటివ్‌గా తీసుకుంటాను. నన్ను అర్థం చేసుకునే, పెద్దవాళ్లని గౌరవించే అబ్బాయి కోసం చూస్తున్నాం.’

జవాబు:

ముందు, ఆమెని అభిప్రాయం అడగడం మానేయండి. చదివినప్పుడు ఏం జరిగిందో అడగండి: ఏం గుర్తుంది, ఎక్కడ కన్ను జారిపోయింది, ఏది నమ్మబుద్ధి కాలేదు, ఏది అర్థం కాలేదు. అభిప్రాయం అడిగితే మీ మనసు నొప్పించకుండా ఏం చెప్పాలా అని ఆలోచిస్తుంది. ఏం గుర్తుందో అడిగితే అలా ఆలోచించే పని ఉండదు. ‘ఎంఎన్‌సీ అని గుర్తుంది, తర్వాత వంట’ అని రాస్తుంది. అందులో ఆమె మిమ్మల్ని మెచ్చుకున్నదీ లేదు, తిట్టినదీ లేదు. కానీ ఏడు వాక్యాల్లో అయిదు గాలికి పోయాయని మీకు తెలిసిపోతుంది.

‘ఫ్రాంక్‌గా చెప్పు, నేనేం ఫీలవ్వను’ అన్న మాట ఉత్తరంలో ఎక్కడా రాయకండి. ఆ మాట అన్నవాళ్లు ఎంత ఫీలవుతారో ఆవిడకీ తెలుసు, మీకూ తెలుసు. మొహమాటం పోవాలంటే తప్పు పట్టడం ఆమె తలమీద పడకూడదు, మీరే ఆ పని పురమాయించాలి. ‘ఏవైనా తీసెయ్యాలా?’ అని అడిగితే ‘అబ్బే, బాగానే ఉన్నాయి’ అంటుంది. ‘ఏడింటిలో మూడు తీసెయ్యాల్సిందే, ఏ మూడు?’ అని అడిగితే కత్తెర మీరు చేతికిచ్చినట్టు. మూడు అని ఎందుకంటున్నానంటే, ఒక్కటి తియ్యమంటే అన్నిటిలో పనికిరానిది ఏదో అదే తీస్తారు, అది మీకూ ముందే తెలిసి ఉంటుంది. మూడోది ఎంచుకునేటప్పుడే మనిషి నిజంగా తూకం వేస్తుంది.

రెండో సంగతి, మీరు ఎవరికి పంపుతున్నారన్నది. రూమ్మేట్‌కి పంపడంలో ఒక లాభం, ఒక నష్టం ఉన్నాయి. నష్టం ఏంటంటే ఆవిడ కొత్తమనిషిలా చదవలేదు. ‘ప్రయాణాలు ఇష్టం’ అని మీరు రాస్తే ఆమెకి మీరిద్దరూ కలిసి తిరిగిన ఊళ్లన్నీ గుర్తొస్తాయి, వాక్యం నిండుగా కనిపిస్తుంది. ముక్కూమొహం తెలియనివాడికి అక్కడ కనిపించేది రెండు మాటలు, అవి కూడా ఇంతకుముందు చూసిన పది ప్రొఫైళ్లలో ఉన్నవే. కాబట్టి ‘అబ్బాయిలు దీన్ని చూసి ఏమనుకుంటారు?’ అని ఆమెని అడిగితే వచ్చేది ఊహే. లాభం ఏంటంటే, ఇందులో మీరు కానిది ఏదో, మీరు రాయడం మరిచిపోయింది ఏదో చెప్పగలిగేది ఆమె ఒక్కతే. ప్రశ్నలు అటువైపు పెట్టండి. కొత్తమనిషి చూపు కావాలంటే ఆమె ద్వారానే వేరేవాళ్లకి చేరేలా ఉత్తరంలో ఒక ముక్క రాయండి, అది కింద పెట్టాను.

మొదటిసారి చదవడం అన్నది ఎవరికైనా ఒక్కసారే దొరుకుతుంది. అది పాడవ్వకుండా చూసుకోవడమే ఉత్తరం అమరికలో అసలు పని. ప్రశ్నలు ముందు కనిపిస్తే వాటికి జవాబులు వెతుక్కుంటూ చదువుతుంది, ఇంక అది మామూలు చదువు కాదు. ‘మరీ గొప్పలు చెప్పుకున్నట్టుందేమో చూడు’ అని ఒక్క ముక్క పైన రాసినా చాలు, గొప్పలు ఎక్కడున్నాయా అని మాత్రమే చూస్తుంది, లేకపోతే ‘అబ్బే, లేవు’ అని ముగిస్తుంది. మీకే అనుమానమున్న వాక్యాన్ని ముందుగా చూపించడం కూడా ఇలాంటిదే, దాని చుట్టూనే తిరుగుతుంది. ఇక రాసినదాని కింద ‘ఇక్కడ నా ఉద్దేశం ఏంటంటే’ అని వివరణ ఇవ్వడం అన్నిటికంటే చెడ్డది. సైట్‌లో మీ పక్కన కూర్చుని వివరించేవాళ్లు ఎవరూ ఉండరు.

అందుకని రెండు మెయిళ్లుగా పంపండి. మొదటిదాంట్లో ఉత్తరం, దాని కింద మీరు రాసిన ఏడు వాక్యాలు. రెండోదాంట్లో ప్రశ్నలు, సబ్జెక్టులో ‘చదివాకే తెరువు’ అని. ఏడు వాక్యాలు టైప్ చేసి పంపేకంటే సైట్‌లో ప్రివ్యూ తెరిచి ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి. చాలా సైట్లు మొదటి రెండు మూడు లైన్లు చూపించి మిగతాది మడతపెడతాయి. మీ ఉద్యోగం సంగతి ఆ మడత లోపల పడిందేమో అక్కడే తెలుస్తుంది. (తెలుగులో రాసేవాళ్లకి ఇంకో చిన్న చిక్కు: అక్షరాల పరిమితి ఉన్నచోట గుణింతాలు, ఒత్తులు, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. ‘స్త్రీ’ మనకి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కి ఆరు. మీరనుకున్నదానికంటే పెట్టె చాలా ముందే నిండుతుంది.)

వాట్సాప్‌లో పంపొద్దు, ముఖ్యంగా గ్రూపులో అస్సలు వద్దు. గ్రూపులో మొదట ఎవరు ఏమంటే మిగతావాళ్లూ దానికే తలూపుతారు. విడిగా పంపినా అక్కడ అలవాటుగా ఒక బొటనవేలు బొమ్మ వచ్చి ఆగిపోతుంది. జవాబు మాత్రం వాయిస్ మెసేజ్‌లో ఇస్తానంటే వద్దనకండి. రాసేటప్పుడు జనం మాటలు చక్కబెట్టుకుంటారు, మాట్లాడేటప్పుడు ‘ఆ... ఇదేంటిది’ అని ఆగిన చోటు కూడా మీకు వినిపిస్తుంది.

ఉత్తరం ఇలా ఉంటే చాలు. మీరిద్దరూ ఎలా పిలుచుకుంటారో నాకు తెలియదు, ఆ మాటలు మీవి పెట్టుకోండి.

మొదటి మెయిల్:

‘ఏమే,

నీకో పని పెడుతున్నాను. ఇరవై నిమిషాలు చాలు, కానీ పక్కన ఎవరూ లేనప్పుడు చెయ్యి. ఆదివారం రాత్రిలోపు కావాలి, సోమవారం దీన్ని సైట్‌లో మారుస్తాను.

కింద ఉన్న ఫొటోలో ఏడు వాక్యాలున్నాయి. పెళ్లి సైట్‌లో నా ఫొటో కింద వచ్చేవి. చదివేది అబ్బాయి కావచ్చు, వాళ్ల అమ్మో అక్కో కావచ్చు. వయసు, ఎత్తు, చదువు, జీతం, గోత్రం, నక్షత్రం పక్క గడుల్లో ఎలాగూ ఉంటాయి, కాబట్టి వాటి సంగతి వదిలెయ్.

మామూలుగా చదివినట్టే ఒక్కసారి చదువు. అయ్యాక ఇది మూసేసి రెండో మెయిల్ తెరువు. మొదటి ప్రశ్నకి జవాబిచ్చేదాకా మళ్లీ ఇటు రావద్దు.

దీన్ని తిరగరాసి పెట్టమని అడగట్లేదు. రాసుకునేది నేనే. నువ్వు చదివినప్పుడు ఏమైందో తెలిస్తే చాలు.’

రెండో మెయిల్:

‘1. చూడకుండా, ఏమేం గుర్తున్నాయి? గుర్తున్నవి గుర్తున్న వరసలోనే రాయి. ఏమీ లేకపోతే ఏమీ లేదని రాయి.

2. ఇప్పుడు మళ్లీ చూడొచ్చు. ఏడింటిలో మూడు కొట్టెయ్యాలి. ఏ మూడు? కారణం చెప్పక్కర్లేదు.

3. ఇందులో నేను కానిది ఏ వాక్యం? చదువుతుంటే “ఇది అది రాసింది కాదు” అనిపించిన చోటు, లేకపోతే “దీనికంత సీన్ లేదు” అనిపించిన చోటు.

4. ఒకే గదిలో అన్నాళ్లు ఉన్నాం. నాతో వారం రోజులుంటే ఎవరికైనా తెలిసిపోయే సంగతులు, ఇందులో లేనివి, రెండు చెప్పు. మంచివే కానక్కర్లేదు. గుణాలు వద్దు, నేను చేసే పనులు చెప్పు.

5. ఇది మాత్రమే చదివినవాళ్లకి, పెళ్లయ్యాక నేను ఉద్యోగం మానేస్తాననిపిస్తుందా, మాననని అనిపిస్తుందా, ఏదీ తెలియదా? ఊరు మారడం గురించి కూడా ఇలాగే చెప్పు.

ఇంకొక్కటి. వీలైతే ఆ ఫొటోని నా పేరు కనిపించకుండా కత్తిరించి, నేనెవరో తెలియని నీ ఆఫీసువాళ్లు ఒకరికి చూపించు. ఎవరిదో చెప్పకు. రెండే అడుగు: ఏం గుర్తుంది, ఈ అమ్మాయిని కలిస్తే మొదట ఏమడుగుతావు. వాళ్లేమన్నారో వాళ్ల మాటల్లోనే రాయి.’

ప్రశ్నలు ఇంతకంటే పెంచకండి. పదో ప్రశ్నకొచ్చేసరికి ఎవరైనా ‘ఓకే, బాగుంది’లోకి దిగిపోతారు. ఒకవేళ తగ్గించాల్సి వస్తే రెండోదీ అయిదోదీ ఉంచండి.

నాలుగో ప్రశ్నలో ‘గుణాలు వద్దు, పనులు చెప్పు’ అన్న ముక్క తీసెయ్యకండి. అది లేకపోతే ‘నీది మంచి మనసే, అందరికీ సాయం చేస్తావు’ అని వస్తుంది. అది చదివి మీకు కళ్లు చెమరుస్తాయి కానీ ప్రొఫైల్‌లో పెట్టడానికి ఏమీ ఉండదు. ‘మంచివే కానక్కర్లేదు’ అన్నదీ ఉండాలి, ఎందుకంటే పనికొచ్చేవి సాధారణంగా అక్కడినుంచే వస్తాయి.

అయిదోది మిగతావాటిలాంటిది కాదు. చదివేవాళ్లకి చేరి తీరాలని మీరు అనుకుంటున్న ఒకే ఒక్క విషయం చేరిందో లేదో చూసే ప్రశ్న అది. ‘నా ఉద్యోగం గురించి స్పష్టంగా ఉందా?’ అని అడిగితే ‘ఉంది కదా, ఎంఎన్‌సీ అని రాశావు’ అంటుంది. మూడు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమంటే మొహమాటానికి చోటుండదు. ‘తెలియదు’ అన్నది ఆ మూడింటిలో తప్పకుండా ఉండాలి. అది లేకపోతే ఏదో ఒకటి ఊహించి చెబుతుంది, మీరు దాన్ని నిజమనుకుంటారు. ఇలాంటి సంగతి వేరేవాళ్లకి వేరేది ఉంటుంది. మొదటి పెళ్లి విడిపోయినవాళ్లకి అది, తల్లిదండ్రులు తమతోనే ఉంటారనుకునేవాళ్లకి ఇది. ఏదైనా సరే, ఎదుటివాళ్లు నోరు విప్పి చెప్పడానికి ఇబ్బందిపడే విషయమైతే జవాబులు మీరే రాసిచ్చి ఎంచుకోమనండి.

జవాబొచ్చాక ఏం చెయ్యాలో ఒక ఉదాహరణ తీసుకుని చూద్దాం. మీ గురించి నాకు తెలియదు, కాబట్టి కింద ఆమె చెప్పే సంగతులు ఊహించినవే. మీరు రాసిన ఏడు వాక్యాలకి ఇలాంటి జవాబు రావడానికే ఎక్కువ అవకాశం ఉందని మాత్రం చెప్పగలను.

‘1. ఎంఎన్‌సీ. వంట. పెద్దవాళ్లని ఏదో. 2. సింపుల్‌గా ఉండేది, సమపాళ్లది, పాజిటివ్‌ది. 3. వంట ఇష్టమా? నీకు తినడం ఇష్టం. చివరి వాక్యం మీ నాన్నగారు రాసినట్టుంది. 4. హాస్టల్లో ఎవరి ఫ్యాను ఆగినా నీ దగ్గరికే వచ్చేవాళ్లు, స్క్రూడ్రైవర్ నీ బ్యాగులోనే ఉండేది. ఇప్పుడు కన్నడ పేపర్ కూడా చదువుతున్నావు, అది రాయవేం? ఏదైనా అనుకుంటే ఇంక ఎవరి మాటా వినవు. 5. ఉద్యోగం తెలియదు. ఊరు తెలియదు. మా ఆఫీసులో ఒకావిడకి చూపించాను, “ఏమీ గుర్తులేదు, అందరూ ఇలాగే రాస్తారుగా” అంది. ఏమడుగుతావంటే “ఏం ఉద్యోగం” అంది.’

ముందు, చివరి వాక్యం గురించి ఆమె అన్నది. మీరు రాసినదాంట్లో ‘చూస్తున్నాం’ దగ్గర ఆగి చూడండి. మొదటి వాక్యంలో ‘నేను’, అయిదారు వాక్యాల దాకా అంతా ‘నేను’, చివర్లో ‘మేం’. రాసేటప్పుడు మీకు తెలియకుండానే అక్కడ ఇల్లంతా వచ్చి కూర్చుంది. అందులో తప్పేం లేదు, మన సంబంధాలు అలాగే కుదురుతాయి. కానీ చదివే అబ్బాయికి ఆ ఒక్క క్రియతో పైన ‘నేను’ అన్నవన్నీ కూడా ఇంట్లోవాళ్లు రాయించినవేమో అనిపిస్తుంది. పైగా చాలా సైట్లలో ప్రొఫైల్ ఎవరు పెట్టారో వేరే గడిలో చూపిస్తారు. అక్కడ ‘స్వయంగా’ అని ఉండి ఇక్కడ ‘చూస్తున్నాం’ అని ఉంటే ఇంకా తేడా కొడుతుంది. ఇలాంటిది మీ అంతట మీరు ఎన్నిసార్లు చదువుకున్నా కంటపడదు, మూడో ప్రశ్నకి తప్ప.

కొట్టేసిన మూడూ ఒకే జాతివి. సింపుల్, సమపాళ్లు, పాజిటివ్. వీటిని తిరగేసి రాస్తే ఏమవుతుందో చూడండి: ‘నేను ఆర్భాటంగా ఉంటాను, ప్రతిదాన్నీ నెగెటివ్‌గా తీసుకుంటాను’ అని ఎవరైనా రాసుకుంటారా? ఎవరూ రాయని మాటకి వ్యతిరేకమైనది రాసినా ఏం చెప్పినట్టు కాదు. ఆమె వదిలేసినదాంట్లో రెండో వాక్యానికి కూడా ఇదే వర్తిస్తుంది, మొహమాటానికి మిగిలిపోయింది. దాన్నీ తీసెయ్యొచ్చు. ‘ఎంఎన్‌సీ’ గుర్తుంది కానీ కొత్తావిడ ‘ఏం ఉద్యోగం’ అని అడిగింది చూశారా, ఆ మాట కంపెనీ గురించి చెప్పింది, మీ గురించి చెప్పలేదు.

వచ్చినదాన్ని రెండు కుప్పలు చెయ్యండి. ఆమెకి ఏం జరిగిందో చెప్పినవి ఒక కుప్ప: గుర్తులేదు, నమ్మలేదు, తెలియలేదు. వీటితో వాదించడానికి ఏమీ లేదు, అన్నీ ఒప్పుకోవలసిందే. ఆమె సూచించిన మందులు ఇంకో కుప్ప: ఇలా మార్చు, ఇది కలుపు. వీటిలో మీకు నచ్చినవే తీసుకోండి. అడగొద్దన్నా కొందరు మొత్తం తిరగరాసి పంపుతారు, అది బాగానే ఉంటుంది కూడా. అయినా వాడకండి. ఆమె మాటతీరు చూసి ఫోన్ చేసిన అబ్బాయికి అవతల వేరే గొంతు వినిపిస్తుంది.

జవాబు చదవగానే ‘అది కాదే, వంట ఇష్టమే, హాస్టల్లో కుదిరేది కాదు’ అని రాయాలనిపిస్తుంది. రాయకండి. ‘అందింది, థాంక్స్’ అని మాత్రం పంపి ఒక రాత్రి ఆగండి. ఒక్కసారి సంజాయిషీ ఇచ్చారంటే తర్వాత పంపే డ్రాఫ్ట్‌కి ఆమె మళ్లీ ‘సూపర్’కి వెళ్లిపోతుంది. అర్థం కానిది ఏదైనా ఉంటే మర్నాడు ఒక్క ప్రశ్న అడగండి, అది కూడా ‘ఎందుకలా అన్నావు’ అని కాదు, ‘ఏ మాట దగ్గర అలా అనిపించింది’ అని.

ఆ జవాబు చేతిలో పెట్టుకుని తిరగరాస్తే దాదాపు ఇలా తేలుతుంది:

‘మాది కాకినాడ. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. పెళ్లయ్యాక కూడా ఈ ఊళ్లోనే ఉంటూ ఉద్యోగం చెయ్యాలనుకుంటున్నాను. ఇంట్లో మిక్సీ ఆగినా ఫ్యాను ఆగినా ముందు నేను విప్పి చూశాకే మెకానిక్ వస్తాడు. కన్నడ మాట్లాడతాను, పేపర్ కూడా చదువుతాను. వంట అవసరానికి చేస్తాను, పెసరట్టు మాత్రం ఇష్టంగా చేస్తాను. వీలైనప్పుడల్లా శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి అమ్మానాన్నల దగ్గరికి వెళ్తాను, అది మానను. ఇంటిపని ఇద్దరిదీ అనుకునే మనిషి కోసం చూస్తున్నాను.’

ఉద్యోగం సంగతి మూడో వాక్యంలోకి వచ్చింది, మడత పడకముందే కనిపిస్తుంది. ‘ఎవరి మాటా వినవు’ అని ఆమె అన్నది అలాగే రాయలేం కానీ ‘అది మానను’ దగ్గర ఆ మనిషి కొంచెం కనిపిస్తోంది. ‘పెద్దవాళ్లని గౌరవించే’ పోయి రైలు వచ్చింది, మీరు మీ పెద్దవాళ్లని ఎలా చూసుకుంటారో అదే చెబుతుంది. ‘ప్రయాణాలు, సంగీతం’ ఊసే లేదు, అవి ఎవరికీ గుర్తులేవు కాబట్టి. మీకు నిజంగా సంగీతం ప్రాణమైతే వెనక్కి తెచ్చుకోండి, కాకపోతే ఏం వింటారో, ఎప్పుడు వింటారో రాయండి.

ఇలా వివరాలు చేరిన కొద్దీ ఇంకో ప్రమాదం మొదలవుతుంది, మొదటి డ్రాఫ్ట్‌లో అది లేదు. అందరిలా ఉన్న ప్రొఫైల్‌తో మిమ్మల్ని ఎవరూ వెతికి పట్టుకోలేరు, ఇలాంటిదానితో పట్టుకోవచ్చు. మీ పేరులో సగం, ఫొటో, ఊరు, ఉద్యోగం నాలుగూ కలిస్తే లింక్డ్‌ఇన్‌లో కంపెనీ పేరు దొరుకుతుంది, అక్కడినుంచి ఆఫీసు గేటు ఎంతో దూరం కాదు. ఇక్కడ మీ స్నేహితురాలు మళ్లీ పనికొస్తుంది. రెండో డ్రాఫ్ట్ పంపేటప్పుడు ఒకే పని చెప్పండి: ‘ఇందులో ఉన్నవి, నా ప్రొఫైల్ ఫొటో మాత్రమే పట్టుకుని పది నిమిషాలు వెతుకు. నా కంపెనీగానీ ఇల్లుగానీ దొరికితే ఎలా దొరికిందో చెప్పు.’ దొరికితే ముందు ఫొటో మార్చండి, లింక్డ్‌ఇన్‌లోదీ ఇక్కడిదీ ఒకటే అయితే పని మరీ సులువు. ఏరియా పేరు, అపార్ట్‌మెంట్ బోర్డు కనిపించే ఫొటో, ఏ శుక్రవారం రైలెక్కుతారన్నది ఎలాగూ పెట్టకూడదు. పైన ‘వీలైనప్పుడల్లా’ అని వదిలేసింది అందుకే.

రెండో డ్రాఫ్ట్‌కి ‘ఏం గుర్తుంది’ ప్రశ్న మాత్రం ఆమెకి పెట్టకండి. ఫ్యాను సంగతి చెప్పిందే ఆమె, గుర్తుండకుండా ఎలా ఉంటుంది. ఆ ప్రశ్న ఇప్పటిదాకా చూడనివాళ్లకి పెట్టండి, ఒకరో ఇద్దరో చాలు. ఇద్దరూ ఒకే చోట తడబడితే అది మార్చాలి. ఒక్కరే తడబడితే మళ్లీ చదువుకుని మీరే తేల్చుకోండి.

ఇంట్లోవాళ్ల సంగతి. అమ్మానాన్నలు ఈ రెండోది చూసి ‘మిక్సీ గురించి రాస్తావేంటే, పద్ధతైన పిల్లనని రాయి’ అనొచ్చు. వాళ్లకి ఇదే ఉత్తరం పనికిరాదు, వాళ్లు చూసేది వేరే. వాళ్లని ఒక్కటే అడగండి: ‘ఇందులో ఏది చదివి మన బంధువులెవరైనా మీకు ఫోన్ చేసి అడుగుతారు?’ దానికి వాళ్లు చూపించిన వాక్యాన్ని ఉంచాలా వద్దా అన్నది ఇంట్లో కూర్చుని మాట్లాడుకునే విషయం. బహుశా అది మూడో వాక్యమే అవుతుంది. ఆ మాట ఎలాగూ ఎప్పుడో ఒకప్పుడు వాళ్లతో మాట్లాడాల్సిందే కాబట్టి, సైట్‌లో మార్చడానికి ముందే మాట్లాడండి.

ఆదివారం రాత్రికి జవాబు రాకపోతే సోమవారం ఫోన్ చేసి రెండో ప్రశ్న ఒక్కటే అడగండి. ఆమె ఏ మూడు అంటే అవి అక్కడే రాసుకుని, మిగతావాటి కోసం ఆగకుండా డ్రాఫ్ట్ మార్చడం మొదలుపెట్టండి.